రాక్‌వెల్ మెషీన్‌ను బ్లాకులతో సరిచూడటం: సగటు బాగుంటే చాలదు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ యాక్సిళ్లు, కింగ్ పిన్నులు, కమాను కట్టలు చేసే చోట్ల రాక్‌వెల్ హార్డ్‌నెస్ టెస్టర్ దాదాపు తప్పనిసరి. దాని పక్కన చిన్న చెక్క పెట్టెలో రెండు మూడు రిఫరెన్స్ బ్లాకులు, అంటే గట్టిదనం ముందే కొలిచి సర్టిఫికెట్ ఇచ్చిన ఉక్కు ముక్కలు, కూడా కనిపిస్తాయి. పొద్దున ఒక బ్లాక్ మీద ఒక దెబ్బ కొట్టి, రీడింగ్ దగ్గరగా వచ్చిందని పనిలోకి దిగడం మామూలే. రోజువారీ చూపుకు అది పనికొస్తుంది. కానీ ఈ మెషీన్‌ను నమ్మవచ్చా అని తేల్చడానికి చేసే పరీక్ష వేరు. ఆ పరీక్షను మీరే పద్ధతిగా ఎలా చేయాలో, వచ్చిన అంకెలను ఎలా చదవాలో ఇక్కడ చెప్తాను. ఉదాహరణకు హెచ్‌ఆర్‌సీ స్కేల్ ఒక్కటే తీసుకుంటున్నాను. గట్టిపరిచిన ఉక్కుకు ఎక్కువగా వాడేది అదే.

ముందుగా ఒక లెక్క మనసులో ఉంచుకోండి. హెచ్‌ఆర్‌సీలో డైమండ్ కోన్‌ను మొదట 10 కేజీల మైనర్ లోడ్‌తో ఆనిస్తారు. తర్వాత మొత్తం 150 కేజీలకు పెంచి, మళ్లీ మైనర్ లోడ్‌కు దించి, మధ్యలో డైమండ్ ఎంత లోతు దిగబడిందో కొలుస్తారు. ఆ లోతులో ప్రతి రెండు మైక్రాన్లకు ఒక పాయింట్ చొప్పున 100 నుంచి తీసేస్తే వచ్చేదే రీడింగ్. అంటే 63 రీడింగ్ వచ్చిందంటే డైమండ్ దిగింది సుమారు 74 మైక్రాన్లు, ఒక తల వెంట్రుక మందమంత. బ్లాక్ కింద రెండు మైక్రాన్ల ధూళి నలిగినా ఒక పాయింట్ పోతుంది. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి కారణం ఇదే.

బ్లాకులు, సర్టిఫికెట్

ఒక స్కేల్‌ను సరిచూడాలంటే మూడు బ్లాకులు కావాలి: మెత్తనిది 20–30 మధ్య, నడిమిది 35–55 మధ్య, గట్టిది 60 పైన. మేం చేసేది 58–62 పిన్నులే కాబట్టి గట్టి బ్లాక్ ఒక్కటి చాలదా అని చాలామంది అడుగుతారు. రోజువారీ చెక్‌కు చాలుతుంది. కానీ మెషీన్‌లో తప్పు ఎక్కడుందో ఒక్క బ్లాక్ చెప్పలేదు, మూడు బ్లాకుల తేడాలను పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో కాసేపట్లో చూస్తారు.

ప్రతి బ్లాక్‌కూ దాని సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. బ్లాక్ మీద చెక్కిన నంబరు, సర్టిఫికెట్‌లోని నంబరు ఒకటేనా చూడండి. పెట్టెలు కలిసిపోయి ఒకదాని సర్టిఫికెట్ ఇంకోదానికి చేరడం మన షాపుల్లో అరుదేమీ కాదు. సర్టిఫికెట్‌లో రెండు అంకెలు కావాలి. ఒకటి బ్లాక్ సర్టిఫైడ్ విలువ. రెండోది దాని అన్‌సర్టెనిటీ, అంటే ఆ విలువ చుట్టూ ఉన్న అనుమానపు వెడల్పు. మన ఉదాహరణలో మూడు బ్లాకుల విలువలు 26.1, 45.4, 63.2. ఒక్కోదానికి అన్‌సర్టెనిటీ 0.4.

బ్లాక్‌కు పనికొచ్చే ముఖం ఒక్కటే. వెనక వైపు ఎప్పుడూ కొట్టకండి. డైమండ్ దిగినచోట చుట్టూ లోహం కాస్త ఉబ్బుతుంది. వెనక అలాంటి ఉబ్బులుంటే బ్లాక్ తాను కూర్చునే యాన్విల్ మీద పూర్తిగా ఆనదు. ముఖం నిండా గుంతలు పడ్డాక దాన్ని గ్రైండింగ్ పట్టించి మళ్లీ వాడదామన్న ఆలోచన కొందరికి వస్తుంది. అప్పుడు చేతిలో మిగిలేది ఉక్కు ముక్క, రిఫరెన్స్ బ్లాక్ కాదు. సర్టిఫికెట్ ఆ ముఖానికి ఇచ్చింది, కింద కొత్తగా బయటపడిన లోహానికి కాదు.

గది, మెషీన్

బ్లాకులతో సరిచూసేటప్పుడు గది 23 డిగ్రీలకు అటూ ఇటూ 5 లోపల, అంటే 18 నుంచి 28 మధ్య ఉండాలి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ఈ పని పెట్టుకుంటే ఆ అంకెలకు అర్థం లేదు. మెషీన్ ఏసీ గదిలో లేకపోతే, చలికాలం పొద్దున్నే పెట్టుకోవడం తేలిక. బ్లాకులను కూడా ముందు రోజే అదే గదిలో ఉంచండి. పని రోజు ఉష్ణోగ్రత రాసిపెట్టుకోండి.

పక్కన పవర్ ప్రెస్సో హ్యామరో నడుస్తుంటే ఆపించండి. రీడింగ్ తీసుకునే క్షణంలో నేల అదిరితే డైమండ్ కొద్దిగా ఎక్కువ దిగుతుంది, రీడింగ్ తక్కువ వస్తుంది. ఆపడానికి ఒప్పుకోకపోతే భోజనాల వేళ చేసుకోండి.

ఇక శుభ్రం చేయడం. అసలు పని ఇక్కడే ఉంది. యాన్విల్‌ను పైపైన తుడిస్తే సరిపోదు. బయటికి తీసి, దాని కాడనూ అది కూర్చునే గుంతనూ కూడా స్పిరిట్ తడిపిన, నూగు రాలని బట్టతో తుడవండి. యాన్విల్ పైముఖం మీద వేలిగోరు నెమ్మదిగా లాగితే ఎక్కడైనా పొక్కులాగా తగులుతుందేమో చూడండి. ఎప్పుడో ముక్క లేకుండా డైమండ్ నేరుగా యాన్విల్‌కు తగిలి ఉంటే అక్కడ గుంత, దాని చుట్టూ ఉబ్బు ఉంటాయి. అలాంటి యాన్విల్‌ను మార్చేయాలి. డైమండ్‌ను కూడా విప్పి చూడండి. అంతటి దెబ్బ తిన్నాక అది బాగుండే అవకాశం తక్కువ.

బ్లాక్ అడుగును కూడా అదే బట్టతో తుడవండి. బ్లాక్‌కు అయస్కాంత గుణం పట్టి ఉంటే గ్రైండింగ్ రజను అడుగుకు అతుక్కుని తుడిచినా వదలదు, అప్పుడు డీమాగ్నటైజ్ చేయించాలి. తుడిచిన ముఖాన్ని మళ్లీ చేత్తో ముట్టకండి.

దెబ్బలు కొట్టడం

డైమండ్ బిగించాక, బ్లాక్ పెట్టాక మొదటి రెండు దెబ్బల రీడింగులను లెక్కలోకి తీసుకోకూడదు. డైమండ్ తన సాకెట్‌లో, యాన్విల్ తన గుంతలో, బ్లాక్ యాన్విల్ మీద సరిగ్గా సర్దుకునేందుకే అవి. మూడో దెబ్బ నుంచి ఐదు రీడింగులు తీసుకోండి. అవి ముఖమంతటా పరుచుకునేలా ఉండాలి, ఒక మూల ఐదూ కొట్టేస్తే బ్లాక్ గురించి కాక ఆ మూల గురించే తెలుస్తుంది. పక్కపక్క గుంతల మధ్యల దూరం గుంత వ్యాసానికి కనీసం మూడు రెట్లు, అంచు నుంచి రెండున్నర రెట్లు ఉండాలి. మెత్తని బ్లాక్‌లో గుంత సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది, కాబట్టి రెండు మిల్లీమీటర్ల దూరం పాటిస్తే మూడు బ్లాకులకూ సరిపోతుంది.

చేతి లివర్ ఉన్న పాత డయల్ మెషీన్ అయితే స్పీడ్ ముఖ్యం. మైనర్ లోడ్ పెట్టేటప్పుడు చిన్న ముల్లు చుక్క మీదికి వచ్చేవరకు చక్రం మెల్లగా తిప్పండి. చుక్క దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయకండి, ఆ చోటు వదిలేసి కొత్త చోట మొదలుపెట్టండి. లివర్ వదిలాక దాన్ని మీ చేత్తో నొక్కకూడదు, నూనె డ్యాష్‌పాటే దించాలి. పూర్తి లోడ్ కింద సుమారు 5 సెకన్లు ఆగాలి. ఒక్కో దెబ్బకు ఒక్కో సమయం ఆగితే మెత్తని బ్లాక్‌లో తేడా ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే లోహం నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుంటే చాలు. మోటరు మెషీన్‌లో ఈ తలనొప్పి ఉండదు.

రీడింగులను వచ్చిన వరుసలోనే రాయండి. ఒకటి బాగోలేదని కొట్టేసి ఇంకోటి తీసుకోకండి. ముల్లు చుక్క దాటడం, ప్రెస్ అదరడం లాంటి కారణం మీ కళ్ల ముందు జరిగితే తప్ప ప్రతి రీడింగూ ఉండాల్సిందే.

రెండు లెక్కలు

ఐదు రీడింగుల నుంచి రెండే లెక్కలు తీస్తారు. మొదటిది రిపీటబిలిటీ: పెద్ద రీడింగ్ నుంచి చిన్నది తీసేయడం. రెండోది ఎర్రర్: ఐదింటి సగటు నుంచి సర్టిఫికెట్ విలువ తీసేయడం.

```
r = Hmax - Hmin
b = Havg - Hcert
```

ఎర్రర్‌కు గుర్తు ముఖ్యం. ప్లస్ అంటే మెషీన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది, మైనస్ అంటే తక్కువ.

ఇక లిమిట్లు. మన దేశంలో ఐఎస్ 1586 రెండో భాగం ఐఎస్ఓ 6508 రెండో భాగాన్నే అనుసరిస్తుంది. దాని ప్రకారం హెచ్‌ఆర్‌సీకి ఎర్రర్ ఏ బ్లాక్ మీదైనా ±1.5 లోపల ఉండాలి. రిపీటబిలిటీ లిమిట్ మాత్రం గట్టిదనాన్ని బట్టి మారుతుంది. 100 నుంచి సగటు తీసేసి 0.02తో గుణిస్తే వచ్చినది, లేదా 0.8, ఈ రెండిట్లో పెద్దది తీసుకోవాలి.

```
r_limit = max(0.02 * (100 - Havg), 0.8)
```

మెత్తని బ్లాక్‌కు ఇది దాదాపు ఒకటిన్నర దాకా ఇస్తుంది, గట్టి బ్లాక్‌కు 0.8 దగ్గర ఆగిపోతుంది. లోతు ఎక్కువైతే చెదురు కూడా ఎక్కువ ఉంటుందన్న లెక్క అది.

అమెరికా కంపెనీలకు సప్లై చేసేవాళ్లను ఏఎస్‌టీఎం ఈ18 అడుగుతారు. అందులో మెత్తని బ్లాక్‌కు రిపీటబిలిటీ 2.0, ఎర్రర్ ±1.0. నడిమిదానికి 1.5, ±1.0. గట్టిదానికి 1.0, ±0.5. రెండు స్టాండర్డ్‌లలో ఏది కఠినం అని అడిగితే సూటి జవాబు లేదు. రిపీటబిలిటీలో ఐఎస్ఓ గట్టిగా పట్టుకుంటుంది, ఎర్రర్‌లో ఏఎస్‌టీఎం. కాబట్టి కొట్టడం మొదలుపెట్టకముందే ఏ స్టాండర్డ్ ప్రకారం తీర్పు చెప్తారో కాగితం మీద రాసుకోండి. అంకెలు వచ్చాక పాస్ అయ్యే స్టాండర్డ్‌ను వెతుక్కోవడం సరికాదు.

డయల్ మెషీన్ ఉన్నవాళ్లకు ఒక చిక్కు ఉంది. డయల్‌ను అర పాయింట్ దాకా చదువుతారనుకోండి. అప్పుడు మీ రీడింగుల మధ్య తేడా 0, 0.5, 1.0 ఇలాగే రాగలదు. 0.8 లిమిట్ అంటే గట్టి బ్లాక్ మీద ఐదు రీడింగులూ అర పాయింట్ లోపల ఉండాలన్నమాట. ఒక్కటి ఇంకో గీత జరిగినా ఫెయిల్. అలాంటి మెషీన్‌లో రీడింగ్ ఎవరు చదివినా ఒకే కోణంలో కన్ను పెట్టి చదవాలి.

ఒక మెషీన్ కథ

ఆటోనగర్‌లో కింగ్ పిన్నులు గట్టిపరిచే ఒక షాపులో మోటరు మీద నడిచే డిజిటల్ మెషీన్‌ను ఈ పద్ధతిలోనే సరిచూశాం. పిన్నుల డ్రాయింగ్ 58 నుంచి 62 అడుగుతుంది. ముందుగా నడిమి బ్లాక్ 45.4 పెట్టాం. వచ్చిన ఐదు రీడింగులు:

44.1, 45.7, 44.9, 45.9, 45.2

సగటు 45.16. ఎర్రర్ మైనస్ 0.24. అక్కడి ఆపరేటర్ తృప్తిగా, "సార్, పావు పాయింట్ కూడా తేడా లేదు, ఇంకేం కావాలి?" అన్నాడు. సగటు వరకు అతను అన్నది నిజమే. కానీ పెద్దది 45.9, చిన్నది 44.1, రిపీటబిలిటీ 1.8. ఈ బ్లాక్‌కు లిమిట్ 0.02 సార్లు 54.84, అంటే దాదాపు 1.10. ఏఎస్‌టీఎం ప్రకారం చూసినా 1.5. రెండు విధాలా ఫెయిల్.

ఇక్కడ నేను పాటించే వరుస ఇది: రిపీటబిలిటీ ఫెయిల్ అయితే ఎర్రర్ వైపు చూడకండి. రీడింగులు చెదిరిపోతుంటే వాటి సగటు ఎక్కడ పడిందన్నది అదృష్టం మాత్రమే. చెదురు తగ్గించాకే సగటుకు విలువ.

చెదురుకు కారణం సాధారణంగా కింది వైపు ఉంటుంది. రీడింగుల తీరు చూడండి: 45.9, 45.7 దగ్గర రెండు ఉన్నాయి, మిగతావి దానికి కిందికే జారాయి. బ్లాక్ కింద ఏదైనా నలుగుతుంటే లోతు పెరిగి రీడింగ్ ఎప్పుడూ తగ్గుతుంది తప్ప పెరగదు. అందుకే యాన్విల్ తీసి చూశాం. పైముఖం శుభ్రంగానే ఉంది. కాడ భుజం కింద మాత్రం గ్రైండింగ్ బురద ఆరిపోయి పలుచని పొరలా ఉంది. దాన్ని తుడిచి, సీటు తుడిచి, మళ్లీ రెండు దెబ్బలు వదిలేసి, ఐదు తీసుకున్నాం:

46.1, 45.8, 46.0, 45.6, 46.2

రిపీటబిలిటీ 0.6, లిమిట్ 1.08 లోపల. సగటు 45.94, ఎర్రర్ ప్లస్ 0.54. ఇదివరకు "పావు పాయింట్ తేడా" చూపించిన మెషీన్ ఇప్పుడు అర పాయింట్ ఎక్కువ చూపిస్తోంది. ఆపరేటర్ ముఖంలో టెన్షన్ కనిపించింది, శుభ్రం చేశాక మెషీన్ పాడైందేమో అని. జరిగింది వేరే. మెషీన్‌లో ముందు నుంచీ ఎక్కువ చూపించే తప్పు ఒకటి ఉంది. కింద బురద వల్ల తక్కువ చూపించే తప్పు ఇంకొకటి. రెండూ ఒకదాన్నొకటి కప్పుకుని సగటును అందంగా చూపించాయి. సగటు మాత్రమే చూసేవాళ్లను ఈ రకం జత తప్పులు ఎన్నాళ్లైనా మోసం చేస్తాయి.

ఇక మిగతా రెండు బ్లాకులు. మెత్తనిది, 26.1:

26.4, 26.0, 26.7, 26.2, 26.5

సగటు 26.36, ఎర్రర్ ప్లస్ 0.26, రిపీటబిలిటీ 0.7. గట్టిది, 63.2:

64.3, 64.5, 64.0, 64.6, 64.4

సగటు 64.36, ఎర్రర్ ప్లస్ 1.16, రిపీటబిలిటీ 0.6.

మూడు ఎర్రర్లనూ వరుసగా పెట్టండి: ప్లస్ 0.26, ప్లస్ 0.54, ప్లస్ 1.16. గట్టిదనం పెరిగేకొద్దీ తప్పు పెరుగుతోంది. ఒక్క బ్లాక్‌తో ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

తీరు చూసి కారణం పట్టడం

డైమండ్ కోన్ మొన సూదిలా ఉండదు. 120 డిగ్రీల కోన్ చివర 0.2 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా చేస్తారు. లెక్క వేస్తే ఆ గుండ్రని భాగం ఎత్తు సుమారు 27 మైక్రాన్లు. మెత్తని బ్లాక్‌లో డైమండ్ దాదాపు 150 మైక్రాన్లు దిగుతుంది, కాబట్టి మొన ఆకారం కొంచెం మారినా పెద్దగా తెలియదు, పని చేసేది పై కోనే. గట్టి బ్లాక్‌లో దిగేది అందులో సగమే. అక్కడ గుండ్రని మొన వాటా ఎక్కువ. మొన అరిగి మొద్దుబారితే గట్టి లోహంలోకి సరిగ్గా దిగదు, రీడింగ్ ఎక్కువ వస్తుంది. గట్టి బ్లాక్ దగ్గర ప్లస్ తప్పు పెరుగుతూ, మెత్తనిదాని దగ్గర దాదాపు లేకుండా ఉంటే మొదటి అనుమానం డైమండ్ మీదే.

లోడ్ తప్పు ఇందుకు ఎదురు తీరు చూపిస్తుంది. 150 కేజీలు ఉండాల్సింది తక్కువైతే రీడింగులు పెరుగుతాయి, ఎక్కువైతే తగ్గుతాయి. కానీ ఆ ప్రభావం లోతు ఎక్కువ ఉన్న మెత్తని బ్లాక్ మీదే పెద్దగా కనిపిస్తుంది. మెత్తనిదాని మీద తేడా పెద్దదిగా, గట్టిదాని మీద చిన్నదిగా ఉంటే బరువుల కొక్కెం, లివర్ కత్తి అంచులు, లోడ్ సెల్ వైపు చూడాలి. మూడింటి మీదా ఒకే అంత తేడా ఉంటే లోతు కొలిచే భాగమో, సున్నా సెట్టింగో కారణం కావచ్చు. ఇది తుది నిర్ధారణ కాదు, మెకానిక్‌ను ఎటు చూడమనాలో చెప్పే దారి మాత్రమే.

ఈ షాపులో స్పేర్ డైమండ్ ఒకటి సర్టిఫికెట్‌తో సహా ఉంది. దాన్ని బిగించి, రెండు దెబ్బలు వదిలేసి, మూడు బ్లాకులూ మొదటి నుంచీ చేశాం. మెత్తనిదాని మీద ఎర్రర్ ప్లస్ 0.18, నడిమిదాని మీద మైనస్ 0.10, గట్టిదాని మీద ప్లస్ 0.18. రిపీటబిలిటీ 0.7, 0.6, 0.5. గట్టిదనంతో పాటు తప్పు పెరగడం పోయింది. పాత డైమండ్ మొనను భూతద్దం కింద పెడితే ఒక వైపు చిన్న చదును కనిపించింది.

డైమండ్ మార్చాక గట్టి బ్లాక్ ఒక్కటి చూసి వదిలేయకండి. మీరు సరిచూసేది మెషీన్‌ను ఒంటరిగా కాదు, ఆ మెషీన్, ఆ డైమండ్ జతను. జత మారింది కాబట్టి పరీక్ష మొత్తం మళ్లీ చేయాలి.

లిమిట్ దగ్గర పడితే

పాత డైమండ్‌తో గట్టి బ్లాక్ మీద ఎర్రర్ ప్లస్ 1.16 వచ్చింది కదా. ఐఎస్ఓ ప్రకారం ±1.5 లోపలే, పాస్. ఏఎస్‌టీఎం ప్రకారం ±0.5 దాటింది, ఫెయిల్. స్టాండర్డ్ ముందే రాసుకోమన్నది ఇందుకే.

ఐఎస్ఓ పాస్‌ను కూడా నేనైతే సంతోషంగా తీసుకోను. లిమిట్‌కు మిగిలిన దూరం 0.34. బ్లాక్ అన్‌సర్టెనిటీయే 0.4. అంటే బ్లాక్ అసలు విలువ 62.9 అయి ఉండే వీలు కూడా ఉంది, అప్పుడు మన ఎర్రర్ లిమిట్‌కు ఆనుకుంటుంది. లిమిట్‌కు మిగిలిన జాగా బ్లాక్ అన్‌సర్టెనిటీ కంటే చిన్నదైతే, స్టాండర్డ్ ఒప్పుకున్నా, మెషీన్‌ను బాగు చేయించే పనుల జాబితాలో వేసేయండి. ఆడిట్‌కు వచ్చినవాళ్లు అడిగేదీ అదే: నిర్ణయం తీసుకునేటప్పుడు అన్‌సర్టెనిటీని ఎలా లెక్కలోకి తీసుకున్నారు అని.

కొన్ని డిజిటల్ మెషీన్లలో ఆఫ్‌సెట్ మెనూ ఉంటుంది. గట్టి బ్లాక్ మీద 1.2 ఎక్కువ చూపిస్తోంది కాబట్టి 1.2 తగ్గించేద్దాం అనిపిస్తుంది. అలా చేస్తే గట్టి బ్లాక్ సరిపోతుంది. కానీ అదే ఆఫ్‌సెట్‌తో మెత్తని బ్లాక్ మైనస్ 0.9 దాకా పడిపోతుంది. పైగా డైమండ్ ఇంకా అరుగుతూనే ఉంటుంది. అరిగిన మొనను అంకెతో కప్పేయడం మరమ్మతు కాదు.

ఇక, ఈలోగా పోయిన సరుకు. ఎక్కువ చూపించే మెషీన్ మెత్తని ముక్కను పాస్ చేస్తుంది. అక్కడి పిన్నుల బ్యాండ్‌లో తప్పు సుమారు ఒక పాయింట్. అంటే 58.6 చూపించి పాసైన పిన్ను నిజంగా 57.6 అయి ఉండొచ్చు, డ్రాయింగ్ కంటే తక్కువ. 60, 61 చూపించినవాటికి ఆ ప్రమాదం లేదు. కాబట్టి పాత రికార్డుల్లో 59 కంటే కింద పాసైన బ్యాచ్‌లను వేరు చేసి, ఉంచుకున్న శాంపిళ్లను కొత్త డైమండ్‌తో మళ్లీ కొట్టండి. రికార్డు రాసిన షాపుకు ఇది ఒక పూట పని. రాయని షాపు ఏ బ్యాచ్ గురించీ నమ్మకంగా చెప్పలేదు.

రికార్డు, మళ్లీ ఎప్పుడు

ఫారంలో మెషీన్ నంబరు, డైమండ్ నంబరు, మూడు బ్లాకుల నంబర్లు, సర్టిఫైడ్ విలువలు, గది ఉష్ణోగ్రత, పూర్తి లోడ్ కింద ఆగిన సమయం, వచ్చిన వరుసలో పదిహేను రీడింగులు, తీర్పుకు వాడిన స్టాండర్డ్ ఉండాలి. శుభ్రం చేయకముందు వచ్చిన ఫెయిల్ రీడింగులను కూడా ఉంచండి. వాటిని చించేసి మంచివి మాత్రమే పెట్టుకుంటే, మెషీన్ ఏ స్థితిలో దొరికిందో వచ్చే ఏడాది మీకే తెలియదు.

ఈ పూర్తి పరీక్ష 12 నెలలకు ఒకసారైనా జరగాలి. మెషీన్‌ను చోటు మార్చినా, విప్పి బిగించినా, డైమండ్ మార్చినా గడువుతో సంబంధం లేకుండా చేయాలి. బ్లాకులతో ఫెయిల్ అయి, శుభ్రం చేసినా డైమండ్ మార్చినా కుదరకపోతే, లోడ్లనూ లోతు కొలతనూ విడివిడిగా కొలిచే డైరెక్ట్ వెరిఫికేషన్‌కు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌ను పిలవాలి. అది మన చేతి పరికరాలతో అయ్యే పని కాదు.

రోజూ మాత్రం మీ పనికి దగ్గరి బ్లాక్ మీద రెండు మూడు దెబ్బలు చాలు. పిన్నుల షాపుకు 63 బ్లాక్, కమాను కట్టల షాపుకు 45 బ్లాక్. సగటును తేదీతో ఒక గ్రాఫ్ కాగితం మీద చుక్కగా పెట్టండి. పాసా ఫెయిలా అన్నది కాదు, చుక్కలు ఏ వైపు నడుస్తున్నాయో చూడండి. రోజులు గడిచేకొద్దీ 63.3, 63.5, 63.8, 64.0 అని మెల్లగా పైకి పాకుతుంటే డైమండ్ అరుగుతోందని అర్థం. లిమిట్ దాటేదాకా ఆగకుండా స్పేర్ ఆర్డర్ పెట్టండి. ఒక్క రోజులో 63.3 నుంచి 61.5కి పడిపోతే డైమండ్‌ను అనుమానించే ముందు యాన్విల్ తీసి తుడవండి.